నో డ్యూస్ చేతికొచ్చాక: తేదీ చూడాలి, లిస్టు చూడాలి, ఈసీ చూడాలి

హోమ్ లోన్ తీరిపోయాక ఇంటి కాగితాలు ఎప్పుడిస్తారని బ్రాంచిలో అడిగితే, ఇదివరకు వచ్చే జవాబు ఒక్కటే: "హెడ్డాఫీసు నుంచి రావాలండీ, మేమే ఫోన్ చేస్తాం." ఆ ఫోన్ నెలకు రావచ్చు, ఆర్నెల్లకు రావచ్చు. అడిగే హక్కు ఉన్నా గడువంటూ ఏదీ ఉండేది కాదు. 2023 సెప్టెంబర్ 13న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం దానికి ఒక గడువు పెట్టింది. లోన్ పూర్తిగా తీరిన లేదా సెటిల్ అయిన 30 రోజుల్లోపు ఒరిజినల్ పత్రాలన్నీ తిరిగివ్వాలి, ఆస్తి మీద తనకున్న హక్కును, అంటే చార్జ్‌ను, ఏ రిజిస్ట్రీలో నమోదు చేసి ఉన్నా దాన్ని తీసేయించాలి. తన వల్ల ఆలస్యమైతే బ్యాంకు రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం కట్టాలి. 2023 డిసెంబర్ 1 నుంచి పత్రాలు తిరిగివ్వాల్సి వచ్చిన కేసులన్నింటికీ ఇది వర్తిస్తుంది. వాణిజ్య బ్యాంకులతో పాటు గ్రామీణ బ్యాంకులు, సహకార బ్యాంకులు, ఎన్‌బీఎఫ్‌సీలు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు కూడా దీని కిందికే వస్తాయి.

నిబంధన బాగానే ఉంది. అయితే ఆ 30 రోజుల లెక్క ఏ రోజు మొదలవుతుందన్న దగ్గరే చాలామంది తెలియక నష్టపోతున్నారు. లెక్క మొదలయ్యేది లోన్ పూర్తిగా తీరిన రోజు నుంచి. మనం దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాదు, బ్యాంకు లెటర్ టైపు చేసిన రోజు నుంచీ కాదు. ఆ తీరిన రోజు ఏదో చెప్పే కాగితమే క్లోజర్ లెటర్, వాడుకలో నో డ్యూస్. అందుకే అందులో అన్నిటికన్నా ముందు చూడాల్సింది తేదీ.

చివరి ఈఎంఐ కట్టినా తీరని లోన్

ఫ్లోటింగ్ వడ్డీ లోన్‌లో చివరి ఈఎంఐ కట్టినంత మాత్రాన ఖాతా సున్నా అయిపోతుందని అనుకోవడానికి లేదు. పదిహేనేళ్లలో వడ్డీ రేటు పలుమార్లు మారి ఉంటుంది, ఎప్పుడో ఒక ఈఎంఐ బౌన్సయి దానికి చార్జీ పడి ఉంటుంది, ఆస్తి ఇన్సూరెన్సు ప్రీమియం బ్యాంకే కట్టి మన ఖాతాలో రాసేసి ఉంటుంది. ఇవన్నీ కలిసి చివర్లో వందో రెండొందలో మిగులుతాయి. బ్యాంకు కంప్యూటర్‌కు 88 రూపాయల బాకీ అయినా 88 లక్షల బాకీ అయినా ఒకటే, ఖాతా తెరిచే ఉంటుంది.

ఎలా జరుగుతుందో ఒక ఉదాహరణ తీసుకుని అంకెలతో చూద్దాం. కూకట్‌పల్లిలో ఇద్దరు అన్నదమ్ముల పేరిట ఒక ఫ్లాట్ ఉంది. అన్న హైదరాబాద్‌లోనే ఉంటాడు, తమ్ముడు డాలస్‌లో. కొన్ని ఈఎంఐలు మిగిలుండగానే లోన్ మొత్తం కట్టేద్దామనుకున్నారు. అన్న బ్రాంచికి వెళ్లి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తీసుకున్నాడు. అసలు 1,86,400 రూపాయలు మిగిలింది, వడ్డీ 8.60 శాతం. స్టేట్‌మెంట్‌లో వడ్డీ జూన్ 10 వరకే వేశారు. అతను 10వ తేదీ సాయంత్రం చెక్కు ఇచ్చాడు. అది క్లియరింగ్‌కు వెళ్లి 12న ఖాతాలో జమైంది. 1,86,400 మీద 8.60 శాతమంటే ఏడాదికి 16,030 రూపాయలు, రోజుకు దాదాపు 44. రెండు రోజులకు 88. ఖాతాలో ఆ 88 నిలిచిపోయింది.

బ్రాంచిలో మాత్రం "అయిపోయింది సార్, లెటర్ వస్తుంది" అన్నారు. నాలుగు రోజులు గడిచినా నెట్ బ్యాంకింగ్‌లో లోన్ ఖాతా కనిపిస్తూనే ఉండటంతో అనుమానం వచ్చి స్టేట్‌మెంట్ తీయించాడు. 88 సంగతి అప్పుడు బయటపడింది. జూన్ 16న అది కట్టాక ఖాతా సున్నాకు వచ్చింది. అంటే లోన్ తీరిన తేదీ 12 కాదు, 16. ఇందులో బ్యాంకును తప్పుపట్టడానికేమీ లేదు, ఆ 88 నిజంగా బాకీయే. ఈ తలనొప్పి లేకుండా ఉండాలంటే చెక్కు బదులు ఆర్‌టీజీఎస్‌లోనో నెఫ్ట్‌లోనో కట్టాలి. స్టేట్‌మెంట్ ఏ తేదీ దాకా చెల్లుతుందో, ఆ తర్వాత రోజుకు ఎంత వడ్డీ పడుతుందో దాని మీదే రాయించుకోవాలి. కట్టాక లెటర్ కోసం ఎదురుచూసే ముందే లోన్ ఖాతా పూర్తి స్టేట్‌మెంట్ ఒకటి తీసుకుని చివరి వరుసలో సున్నా ఉందో లేదో చూసుకోవాలి. ఆ స్టేట్‌మెంట్ తర్వాత అన్నింటికీ సాక్ష్యంగా పనికొస్తుంది.

ఒక మాట. వ్యాపారానికి కాకుండా వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ రేటు లోన్‌ను ముందుగా తీర్చినందుకు ప్రీపేమెంట్ చార్జీ వేయకూడదు. స్టేట్‌మెంట్‌లో ఆ పేరుతో ఏదైనా పద్దు కనిపిస్తే డబ్బు కట్టకముందే అడగాలి. కట్టేశాక వెనక్కి రాబట్టడం వేరే యుద్ధం.

లెటర్‌లో ఏం రాసుండాలి

మన ఉదాహరణలో బ్యాంకు జూన్ 27న నో డ్యూస్ సర్టిఫికెట్ ఇచ్చింది. అందులో వాక్యం ఇలా ఉంది: "ఈ రోజు నాటికి సదరు ఖాతాలో ఎలాంటి బాకీ లేదు." చదవడానికి ఏ లోపమూ కనిపించదు. కానీ లోన్ ఎప్పుడు తీరిందో ఆ కాగితం చెప్పడం లేదు. లెటర్ తేదీనే ముగింపు తేదీగా తీసుకుంటే 30 రోజుల గడువు జూలై 27న పూర్తవుతుంది. స్టేట్‌మెంట్‌లో సున్నా కనిపించిన జూన్ 16 నుంచి లెక్కేస్తే జూలై 16నే పూర్తవుతుంది. ఒకవేళ కాగితాలు ఆగస్టు 2న చేతికొచ్చాయనుకుందాం. మొదటి లెక్కలో ఆలస్యం 6 రోజులు, పరిహారం 30,000. రెండో లెక్కలో 17 రోజులు, 85,000. ఒక్క తేదీ దగ్గర 55,000 రూపాయల తేడా. కాబట్టి "ఖాతా ఫలానా తేదీన పూర్తిగా చెల్లించి మూసివేయబడింది" అన్న వాక్యం ఉండేలా లెటర్ మార్చి ఇవ్వమని అడగాలి. మార్చి ఇవ్వకపోయినా స్టేట్‌మెంట్ చేతిలో ఉంటే అడగడానికి ఆధారం ఉన్నట్టే.

తేదీ తర్వాత చూడాల్సింది లోన్ ఖాతా నంబరు. ఒకే ఇంటి మీద రెండు మూడు ఖాతాలు ఉండటం మామూలే. అసలు హోమ్ లోన్ ఒకటి, మధ్యలో తీసుకున్న టాప్ అప్ ఒకటి, లోన్ ఇచ్చేటప్పుడు ఇన్సూరెన్సు ప్రీమియం కోసం విడిగా తెరిచిన చిన్న ఖాతా మరొకటి. ఈ మూడోదాన్ని చాలామంది మర్చిపోతారు, ఎందుకంటే దాని ఈఎంఐ పెద్ద ఈఎంఐతో కలిసే పోతుంటుంది. నో డ్యూస్ ఒక్క ఖాతాకే ఇచ్చి, పత్రాలు అడిగేసరికి రెండో ఖాతా బాకీ చూపించడం తరచూ జరిగేదే. కాబట్టి ఆ ఆస్తి హామీగా ఉన్న ఖాతాలన్నింటి నంబర్లూ లెటర్‌లో ఉండాలి, లేదా ఒక్కోదానికి ఒక్కో లెటర్ తీసుకోవాలి. అదే బ్యాంకులో వేరే లోన్ ఉండి, దానికి కూడా ఈ ఇంటినే హామీగా రాసిచ్చి ఉంటే కాగితాలు అప్పుడే రావు. ఎవరికైనా జామీను ఉన్నప్పుడు కూడా బ్యాంకులు ఇదే మాట ఎత్తుతాయి. మనం సంతకం చేసిన పత్రంలో నిజంగా అలా రాసి ఉందో లేదో చూపించమని అడగాలి.

మూడోది, ఆస్తి మీద బ్యాంకుకు ఇకపై ఎలాంటి హక్కూ లేదన్న వాక్యం. బాకీ లేదని చెప్పడం ఒకటి, తనఖా వదులుకున్నామని చెప్పడం మరొకటి. ఫ్లాట్ నంబరు, సేల్ డీడ్ నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పేరు ఉటంకిస్తూ తనఖా ముగిసిందని రాస్తేనే ఆ లెటర్ తర్వాత పనులకు పనికొస్తుంది. సహ రుణగ్రహీతల పేర్లు కూడా అందులో ఉండాలి. "చెక్కు క్లియరెన్సుకు లోబడి" లాంటి షరతు ఏదైనా ఉంటే అది ఇంకా తాత్కాలిక కాగితమే. డబ్బు జమయ్యాక షరతు లేని లెటర్ మళ్లీ తీసుకోవాలి.

లోన్ సెటిల్‌మెంట్‌లో ముగిసినవాళ్లకు ఇక్కడ ఒక తేడా ఉంది. కొంత మాఫీ చేసి బ్యాంకు ఒప్పుకున్న కేసులో కూడా పత్రాలు 30 రోజుల్లోనే ఇవ్వాలి. కానీ క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా Closed అని కాకుండా Settled అని పడుతుంది. తర్వాత లోన్‌కు వెళ్లినప్పుడు ఆ మాటే అడ్డు తగులుతుంది. పూర్తిగా కట్టినవాళ్లకు పొరపాటున Settled అని పడితే వెంటనే సరిచేయించుకోవాలి.

లెటర్ అసలుదో నకిలీదో తేల్చుకోవాల్సిన పరిస్థితి రెండు సందర్భాల్లో వస్తుంది. ఒకటి, రికవరీ ఏజెంటుతో మాట్లాడి సెటిల్ చేసుకున్నప్పుడు. రెండు, ఇల్లు అమ్మే మనిషి "లోన్ ఎప్పుడో తీరిపోయిందండీ" అంటూ లెటర్ జిరాక్సు చూపించినప్పుడు. ఏజెంటు తన సొంత యూపీఐకి డబ్బు వేయమంటే అక్కడితో ఆగిపోవాలి. లోన్ ఖాతాలో జమ కాని డబ్బుకు ఎంత పెద్ద సీలున్న లెటర్ ఇచ్చినా విలువ లేదు. లెటర్ మీదున్న ఫోన్ నంబరుకు చేసి అడగడం వల్ల ఉపయోగం లేదు, నకిలీ లెటర్‌లో నంబరు కూడా వాళ్లదే ఉంటుంది. బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉన్న బ్రాంచి నంబరుకో, అధికారిక ఈమెయిల్‌కో లెటర్ రిఫరెన్సు నంబరు రాసి ధ్రువీకరణ అడగాలి. ఖాతా వివరాలు మూడో మనిషికి బ్యాంకు చెప్పదు కాబట్టి, కొనేవాళ్లు అమ్మేవాళ్లను వెంటబెట్టుకుని బ్రాంచికి వెళ్లడమే మంచిది. రావడానికి ఆ మనిషి వంకలు చెప్తుంటే అసలు సంగతి అక్కడే అర్థమైపోతుంది.

పత్రాల కట్ట విప్పి చూడటం

లోన్ తీసుకున్నప్పుడు పత్రాలు అప్పగించినందుకు బ్యాంకు ఒక రసీదు ఇస్తుంది. దానికి జతగా డాక్యుమెంట్ల లిస్టు ఉంటుంది. పదిహేనేళ్ల కిందటి ఆ కాగితం ఇంట్లో ఏ ఫైల్లో ఉందో వెతికి పెట్టుకోవడం చివరి ఈఎంఐకి ముందే చేయాల్సిన పని. దొరక్కపోతే బ్యాంకునే కాపీ అడగాలి, వాళ్ల దగ్గర తప్పకుండా ఉంటుంది. ఆ లిస్టు లేకుండా వెళ్తే, ఇచ్చిన కట్టలో ఏది తగ్గిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

మన రెండు రాష్ట్రాల్లో బిల్డర్ దగ్గర కొన్న ఫ్లాటుకు ఆ కట్టలో మామూలుగా ఒరిజినల్ సేల్ డీడ్, అంతకుముందు రాసుకున్న అగ్రిమెంటు, స్థల యజమానికీ బిల్డర్‌కూ మధ్య జరిగిన డెవలప్‌మెంట్ అగ్రిమెంటు కాపీ, ఆస్తి ఇదివరకు చేతులు మారినప్పటి లింకు డాక్యుమెంట్లు, ప్లాన్ అనుమతి కాపీ, పాత ఈసీలు అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు, బిల్డర్‌తో బ్యాంకు కుదుర్చుకున్న త్రైపాక్షిక ఒప్పందం ఉంటాయి. వీటిలో మొదటిది పోతే నష్టం ఎక్కువ. మిగతావి చాలావరకు మళ్లీ తెచ్చుకోగలిగినవే. ఇండిపెండెంట్ ఇల్లు, ప్లాటు అయితే లింకు డాక్యుమెంట్లు కూడా ఒరిజినల్సే ఇచ్చి ఉంటారు, కాబట్టి వాటినీ అంతే జాగ్రత్తగా చూడాలి.

సేల్ డీడ్‌ను పేజీ పేజీ తిప్పి చూడాలి. బ్యాంకులు పత్రాలను బ్రాంచిలో ఉంచుకోవడం తగ్గి, వేరే ఊళ్లోని స్టోరేజీ ఏజెన్సీలకు పంపడం పెరిగింది. స్కానింగ్ కోసం కుట్టు విప్పి మళ్లీ పిన్ను కొట్టేటప్పుడు పేజీలు తారుమారవుతాయి, ఒకటి రెండు వేరే కట్టలోకి వెళ్లిపోతాయి. రిజిస్టర్ అయిన డాక్యుమెంటులో ప్రతి షీటు మీదా డాక్యుమెంటు నంబరు, మొత్తం షీట్లలో అది ఎన్నోది అన్నది, సబ్ రిజిస్ట్రార్ సంతకం, సీలు ఉంటాయి. వరుస సరిపోయిందో లేదో వాటితోనే తెలుస్తుంది. ఎక్కువగా తప్పిపోయేవి చివర జతచేసే షీట్లు: ఇరు పక్షాల ఫొటోలు, వేలిముద్రలు ఉన్న పేజీ, ఫ్లాట్ ప్లాన్ గీసిన పేజీ. కలర్ జిరాక్సు కట్టలో కలిసిందేమోనని అనుమానం వస్తే కాగితాన్ని వెలుతురులో కాస్త వాలుగా పట్టుకుని చూడాలి. పెన్నుతో పెట్టిన సంతకం వెనకవైపు ఒత్తు తెలుస్తుంది, స్టాంపు సిరా అంచుల్లో కాస్త పాకి ఉంటుంది. జిరాక్సులో రెండూ ఉండవు.

కౌంటర్ దగ్గర తరచూ జరిగేదొకటి ఉంది. కట్ట ఇచ్చే ముందే ఒక రిజిస్టర్ జరిపి "ఇక్కడ సంతకం పెట్టండి సార్" అంటారు. అందులో "అన్ని పత్రాలూ మంచి స్థితిలో అందాయి" అని ముందే అచ్చయి ఉంటుంది. చూసుకోకుండా ఆ సంతకం పెట్టేస్తే, ఇంటికొచ్చాక రెండు పేజీలు లేవని తెలిసినా చెప్పుకోవడానికి దారి మూసుకుపోతుంది. అరగంట పట్టినా అక్కడే కూర్చుని లిస్టుతో సరిచూసుకోవాలి. ఏదైనా తగ్గితే సంతకం పక్కనే సొంత చేతిరాతతో "వరుస నంబరు 4, లింకు డాక్యుమెంటు అందలేదు" అని రాసి, ఆ పేజీని ఫొటో తీసుకోవాలి. క్యూలో వెనకవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఇదే చోట సెక్యూరిటీ కోసం ఇచ్చిన ఖాళీ చెక్కులు కూడా వెనక్కి అడగాలి. ఈఎంఐ కోసం ఇచ్చిన ఆటోడెబిట్ మ్యాండేట్‌ను రద్దు చేయించాలి. లోన్ కోసం ఎల్ఐసీ పాలసీ ఏదైనా బ్యాంకు పేరు మీద అసైన్ చేసి ఉంటే దాన్ని తిరిగి మన పేరు మీదికి మార్పించాలి.

పత్రాలు ఎక్కడ తీసుకోవాలన్నది కస్టమర్ ఇష్టం. లోన్ ఖాతా నడిచిన బ్రాంచిలో గానీ, పత్రాలు ఉన్న మరో ఆఫీసులో గానీ తీసుకునే వీలు కల్పించాలని రిజర్వ్ బ్యాంకు స్పష్టంగా చెప్పింది. "చెన్నై వచ్చి తీసుకోండి" అంటే ఒప్పుకోనక్కర్లేదు. కానీ యజమానులంతా రావాలని బ్యాంకు అడగడం మాత్రం న్యాయమే. మన ఉదాహరణలో డాలస్ తమ్ముడు రాలేడు. అతను ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అది ఇండియాకు చేరిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించుకోవాలి. కొన్ని బ్యాంకులు పత్రాలు తీసుకోవడానికి వాళ్ల ఫార్మాట్‌లో ఆథరైజేషన్ లెటర్ సరిపోతుందంటాయి కానీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పనికి మాత్రం పవర్ తప్పదు. ఇది లోన్ తీర్చడానికి నెల ముందే మొదలుపెట్టాలి. ఎందుకంటే తమ్ముడి కాగితం రాక జరిగిన ఆలస్యానికి బ్యాంకు రోజుకు 5,000 ఇవ్వదు.

ఒకవేళ బ్యాంకే పత్రాలు పోగొట్టిందనుకుందాం. అప్పుడు డూప్లికేట్లు లేదా సర్టిఫైడ్ కాపీలు తెచ్చుకోవడంలో బ్యాంకు సాయం చేయాలి, ఖర్చు తానే భరించాలి. దీనికి అదనంగా 30 రోజులు దొరుకుతాయి, అంటే మొత్తం 60 రోజుల తర్వాతి నుంచి రోజువారీ పరిహారం లెక్కలోకి వస్తుంది. కానీ సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చినంత మాత్రాన ఒరిజినల్ ఉన్నట్టు కాదు. రేపు ఇల్లు కొనేవాళ్ల లాయరు "ఒరిజినల్ ఎక్కడ తాకట్టు పెట్టారు" అనే అడుగుతాడు. అందుకే ఫలానా నంబరు డాక్యుమెంటు మా కస్టడీలో ఉండగా పోయింది, దాని మీద ఎవరికీ హక్కు కల్పించలేదు అని బ్యాంకు లెటర్‌హెడ్ మీద రాయించుకోవడం కాపీల కన్నా ముఖ్యం. పోలీసు ఫిర్యాదు, పేపరు ప్రకటన కూడా బ్యాంకు చేతే చేయించాలి.

ఈసీలో మిగిలిపోయే తనఖా

నో డ్యూస్ వచ్చింది, కాగితాలు బీరువాలో చేరాయి. అయినా పని పూర్తవలేదు. లోన్ ఇచ్చేటప్పుడు టైటిల్ డీడ్స్ డిపాజిట్ చేసినట్టు ఒక మెమొరాండం రాసి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించి ఉంటారు. వాడుకలో దాన్నే ఎంఓడీ, ఎంఓడీటీ అంటారు. అది ఈసీలో ఒక వరుసగా పడుతుంది. బ్యాంకు లెటర్ ఇచ్చినంత మాత్రాన ఆ వరుస మీద ఏ మార్పూ రాదు. "మేం సిస్టంలో క్లోజ్ చేశాం, ఈసీలో అదే పోతుంది" అని బ్రాంచిలో చెప్పే మాటను నమ్మి ఊరుకున్నవాళ్లు, ఐదారేళ్ల తర్వాత ఇల్లు అమ్మబోయినప్పుడు తిప్పలు పడుతుంటారు.

ఈసీలో మార్పు రావాలంటే బ్యాంకు తరఫున అధీకృత అధికారి వచ్చి రిలీజ్ డీడ్ గానీ, డిపాజిట్ తీరినట్టు రసీదు పత్రం గానీ రిజిస్టర్ చేయించాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు సాధారణంగా మనమే పెట్టుకోవాల్సి వస్తుంది. అందులో పాత ఎంఓడీ డాక్యుమెంటు నంబరు, సంవత్సరం తప్పు లేకుండా ఉండాలి, లేకపోతే కొత్త వరుస పాతదానితో ముడిపడదు. ఇక్కడ చాలామంది కంగారుపడే విషయం ఒకటుంది. రిలీజ్ తర్వాత కూడా ఈసీలో పాత ఎంఓడీ వరుస కనిపిస్తూనే ఉంటుంది. టెన్షన్ అక్కర్లేదు. ఈసీ అంటే జరిగిన లావాదేవీలన్నింటి వరుస, అందులోంచి ఏదీ చెరిపేయరు. పాతదాని పక్కన రిలీజ్ వరుస వచ్చి చేరిందా, అందులో పాత నంబరు సరిగ్గా ఉందా అన్నదే చూడాలి. రిజిస్ట్రేషన్ శాఖల వెబ్‌సైట్లలోనే దీన్ని చూసుకోవచ్చు, ఆంధ్రప్రదేశ్‌లో registration.ap.gov.in, తెలంగాణలో registration.telangana.gov.in. ఎంఓడీ తేదీకి ముందు నుంచి ఈ రోజు దాకా వెతకాలి.

అలా వెతికినప్పుడు కొందరికి ఊహించని వరుస ఒకటి కనిపిస్తుంది. మధ్యలో వడ్డీ తక్కువని లోన్‌ను ఒక బ్యాంకు నుంచి మరో బ్యాంకుకు మార్చుకుని ఉంటారు. కొత్త బ్యాంకు తనఖా ఇప్పుడు రిలీజ్ అయింది, మొదటి బ్యాంకుది మాత్రం అప్పుడు ఎవరూ పట్టించుకోక అలాగే ఉండిపోయింది. ఇలాంటప్పుడు మొదటి బ్యాంకుకు మళ్లీ వెళ్లాల్సిందే, ఆ బ్యాంకు ఇప్పుడు ఏ పేరుతో ఉన్నా సరే. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, అదే రోజు సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. 2023 జూలై 1న హెచ్‌డీఎఫ్‌సీ లిమిటెడ్ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో కలిసింది. ఈసీలో తనఖా పాత పేరుతో ఉంటుంది, రిలీజ్ కొత్త పేరుతో వస్తుంది. రిలీజ్ పత్రంలో "పూర్వపు ఆంధ్రా బ్యాంకు, ఇప్పుడు యూనియన్ బ్యాంకు" అన్నట్టు రెండు పేర్లూ రాయిస్తే తర్వాత చూసే లాయరుకు సందేహం ఉండదు.

ఈసీ లాగే చార్జ్ నమోదయ్యే మరో చోటు సెర్సాయ్. ఆస్తుల మీద బ్యాంకుల హక్కులను దేశమంతటికీ ఒకేచోట నమోదు చేసే రిజిస్ట్రీ ఇది. ఇందులో తనఖా తీరినట్టు నమోదు చేయడం పూర్తిగా బ్యాంకు పని, మనం సంతకం పెట్టాల్సిందేమీ లేదు. అందుకే ఎవరూ గుర్తుపెట్టుకోరు. చిన్న ఫీజు కట్టి ఎవరైనా cersai.org.in లో ఆస్తి వివరాలతో వెతికి చూడొచ్చు. అక్కడ చార్జ్ ఇంకా నడుస్తున్నట్టే కనిపిస్తే, కొనేవాళ్లకు లోన్ ఇచ్చే బ్యాంకు ఫైలు పక్కన పెట్టేస్తుంది.

క్రెడిట్ రిపోర్టు సంగతి ఇంతకన్నా తేలిక. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి క్రెడిట్ బ్యూరోలకు వివరాలు పంపాలి. నెల తర్వాత ఒక రిపోర్టు తీసి ఖాతా Closed అని, బాకీ సున్నా అని, ముగింపు తేదీ సరిగ్గా ఉందని చూస్తే చాలు. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితమే. తప్పుంటే బ్యూరోకూ బ్యాంకుకూ ఫిర్యాదు పెట్టాలి. ఫిర్యాదు పెట్టిన 30 రోజుల్లో సరిచేయకపోతే ఆ తర్వాత రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం అడగవచ్చు.

పరిహారం అడిగేటప్పుడు

రోజుకు 5,000 అన్న నిబంధన అన్ని లోన్లకూ ఉందనుకోవడం పొరపాటు. రిజర్వ్ బ్యాంకు నిర్వచించిన పర్సనల్ లోన్లకే అది వర్తిస్తుంది. హోమ్ లోన్, విద్యా రుణం, వినియోగ రుణాలు అందులోకి వస్తాయి. దుకాణం పెట్టుబడి కోసం ఇంటిని తాకట్టు పెట్టి తీసుకున్న వ్యాపార రుణం రాదు. రుణగ్రహీత చనిపోయిన సందర్భంలో వారసులకు పత్రాలు ఎలా ఇస్తారో ప్రతి బ్యాంకూ తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. వారసులు బ్రాంచి చుట్టూ తిరిగే ముందు ఆ పేజీ ప్రింటు తీసుకుని వెళ్లడం నయం.

గడువు దాటితే ఆలస్యానికి కారణం బ్యాంకే చెప్పాలి. చెప్పకపోతే ఒక లెటర్ రాయాలి, నోటి మాట పనిచేయదు. అందులో ఖాతా సున్నా అయిన తేదీ, దానికి సాక్ష్యంగా స్టేట్‌మెంటు, 30 రోజులు పూర్తయిన తేదీ, పత్రాలు అందిన తేదీ, మధ్యలో రోజులెన్ని, రోజుకు 5,000 చొప్పున మొత్తమెంత అన్నది రాసి, ఏ ఖాతాలో జమ చేయాలో కూడా చెప్పాలి. చార్జ్ తొలగించకపోవడం కూడా అదే నిబంధన కిందికి వస్తుంది కాబట్టి, కాగితాలు సమయానికి వచ్చి సెర్సాయ్‌లో చార్జ్ అలాగే ఉన్నా ఈ లెటర్ రాయవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు సరిగా లేకపోతే, బ్యాంకుల మీద cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. లోన్ ఇచ్చింది హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే ఫిర్యాదు వెళ్లాల్సింది నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు.

మన అన్నదమ్ముల కేసులో 17 రోజుల లెక్క రాస్తే బ్యాంకు "తమ్ముడి పవర్ జూలై 21న వచ్చింది, అప్పటిదాకా ఆలస్యం మాది కాదు" అనవచ్చు. పవర్ ఆ రోజే వచ్చిన మాట నిజమైతే ఆ వాదన నిలుస్తుంది, జూలై 22 నుంచి ఆగస్టు 2 దాకా 12 రోజులకు 60,000 మిగులుతుంది. పవర్ జూన్‌లోనే ఇచ్చి, తేదీతో అందినట్టు ముద్ర వేయించుకుని ఉంటే 85,000 మొత్తం అడగవచ్చు. బ్రాంచిలో ఏ కాగితం ఇచ్చినా రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ సీలు, తేదీ వేయించుకోవడం అందుకే.